ఆర్డర్ నంబరుకు పొరపాటున వేరే ముక్క వచ్చింది: చెప్పాల్నా, చూడనట్టు ఊకోవాల్నా?

కిరాణం_పద్మ, హన్మకొండ: మా దుకాణం వాట్సాప్ నంబరుకు సామాన్ల చీటీలు వస్తయి. నిన్న రాత్రి ఒక పాత గిరాకీ చీటీకి బదులు ఏదో ఇంటి అడ్రసు, తాళంచెవి ఎక్కడ పెడతరో రాసిన ముక్క పంపిండు. నీలం టిక్కులు పడ్డయి. ఆయనకు చెప్పాల్నా, చూడనట్టు ఊకోవాల్నా?

కాజీపేట_శ్రీను: ఊకోండ్రి. చెప్తే పాపం సిగ్గుపడతడు. మీ ఫోన్ల డిలీట్ కొట్టుకుంటే అయిపాయె.

సెల్‌రిపేర్_రవి: మీ ఫోన్ల తీసుకుంటే మీకు కనిపించదు, నిజమే. కానీ చీటీ పోయిందనుకొని ఆయన సామాన్ల కోసం చూస్తుంటడు. చాలాసార్లు అయ్యేది ఇది: నోట్స్‌ల చీటీ సెలెక్ట్ చేస్తరు, Copy నొక్కకముందే బయటికి వస్తరు. అప్పుడు Paste కొడితే ముందు కాపీ చేసిందే దిగుతది. గూగుల్ కీబోర్డు క్లిప్‌బోర్డుల అయితే కాపీ చేసినవి గంటదాకా ఉంటయి, పిన్ చేసినవి మనం తీసేదాకా పోవు. వాటి మీద వేలు పడ్డా ఇదే కథ. పంపినోనికి తప్పు పోయిందని తెల్వనే తెల్వదు.
ఇంకోటి, Delete for everyone పంపినోని చేతుల్నే ఉంటది, అదీ రెండు రోజుల చిల్లర దాకనే. మనం మర్యాదకు ఊకుంటే ఆ టైం కాస్తా దాటిపోతది. ఇయ్యాలనే చెప్పుండ్రి.

భీమారం_అక్క: గ్రూపుల సంగతి ఎవరూ మాట్లాడరేంది? మా కాలనీ గ్రూపుల మందుల చీటీ పడితే అందరూ "ఎవరికి బాగాలేదు" అని అడుగుడే. అడ్మిన్ కూడా తీయలే.

సెల్‌రిపేర్_రవి: అక్కా, గ్రూపుల అడ్మిన్‌కు ఇతరుల మెసేజ్ అందరికీ తీసేసే వీలుంది. ఇక్కడ మాత్రం ఇద్దరి మధ్య ముచ్చట.
పద్మగారూ, ఒక్కటి యాది పెట్టుకోండ్రి. ఆ మెసేజ్‌ను పట్టుకొని Reply కొట్టొద్దు. తర్వాత ఆయన అసలుది తీసేసినా మీ జవాబు పైన కోట్‌ల ఆ మాటలు అట్లనే ఉండిపోతయి. కింద ఖాళీ డబ్బాల కొత్తగా రాయండ్రి: "అన్నా, చీటీ బదులు వేరేది వచ్చినట్టుంది. దాన్ని తీసేసి చీటీ మల్ల పంపుండ్రి." అందుల ఏమున్నదో ఒక్క మాట కూడా ఎత్తొద్దు.

జనగామ_ట్రేడర్స్: ఇంత లొల్లి ఎందుకు? అడ్రసు పంపిండంటే డెలివరీకే పంపిండు. సేవ్ చేసి పెట్టుకోండ్రి, రేపు పనికొస్తది.

సెల్‌రిపేర్_రవి: డెలివరీ అడ్రసుల తాళంచెవి ఎందుకుంటది? అనుమానం ఉంటే "ఇది డెలివరీకేనా" అని అడిగితే సరిపోతది. సేవ్ చేసుడేంది?

జనగామ_ట్రేడర్స్: గిరాకీ ఇచ్చిన అడ్రసు దాచుకోవద్దంటే దుకాణం ఎట్ల నడుస్తది? రిపేర్ షాపుల కూసొని మాకు చెప్తవా?

కాజీపేట_శ్రీను: అన్నా, ఇచ్చింది వేరు, జారి పడ్డది వేరు. గట్లని రవి మాట కూడా నాకు నచ్చలే. "వేరేది వచ్చింది" అంటే గిరాకీకి మొదట అనిపించేది ఏంది? "మొత్తం చదివిండ్రు" అనే కదా. తెల్లారి సందు చివర దుకాణానికి పోతడు. నేను ఊకోమన్నది గందుకే.

సెల్‌రిపేర్_రవి: అంటే నీ బాధ ఆయన సిగ్గు గురించి కాదు, గిరాకీ పోతదని! మొదలే చెప్పరాదు. నీలం టిక్కులు పడ్డంక చదవలేదంటే ఎవరు నమ్ముతరు? ఆ ఇల్లు ఆయనది కూడా కాకపోవచ్చు. తాళంచెవి సంగతి తెలిస్తే నష్టపోయేది ఆ ఇంటోళ్ళు, వాళ్ళకు ఈ ముచ్చటే తెల్వది.

కిరాణం_పద్మ: చిక్కు ఇంకోటుంది. మా ఆర్డర్లు కౌంటర్ కంప్యూటర్ల కూడా తెరిచే ఉంటయి. పొద్దున పిలగాడు చూడకుండా దాన్ని ప్యాకింగ్ చీటీలెక్క ప్రింట్ తీసి మేకుకు గుచ్చిండు.

సెల్‌రిపేర్_రవి: ముందు ఆ కాగితం తీసి చింపేయండ్రి. ఆయన Delete for everyone కొడితే కంప్యూటర్ల కూడా పోతది గానీ ప్రింటు పోదు. పిలగాడు ప్యాకింగ్ గ్రూపుకు ఫార్వర్డ్ చేసిండా అడగండ్రి. చేసి ఉంటే అది వేరే మెసేజ్ అయితది, అక్కడ పిలగాడు గానీ ఆ గ్రూపు అడ్మిన్ గానీ తీయాలె.

కిరాణం_పద్మ: ఫార్వర్డ్ చేయలేదట. కాగితం చింపిన. ఆయనకు పైన చెప్పినట్టే రాసిన, తీసేసి చీటీ పంపిండు. ప్రింట్ తీసిన సంగతి కూడా చెప్పాల్నా?

కాజీపేట_శ్రీను: వద్దు.

సెల్‌రిపేర్_రవి: చెప్పాలె. పిలగాడు కాక ఆ మేకు దగ్గరికి ఇంకెవరు వస్తరు?

జనగామ_ట్రేడర్స్: ప్రింటు సంగతి చెప్తే గిరాకీ పక్కా పోయినట్టే, రాసి పెట్టుకో.