ఎంఎస్‌ఎల్‌టీ రిపోర్టులో నార్కోలెప్సీ కాదని రాశారు, కానీ పగటి నిద్ర ఆగట్లేదు

శ్రవణ్_27
ఆరేళ్లుగా ఇదే గొడవ. రాత్రి పదకొండుకి పడుకుని ఏడింటికి లేస్తాను. పదిన్నర అయ్యేసరికి మళ్లీ కళ్లు మూతలు పడిపోతాయి. మీటింగులో నోట్స్ రాసుకుంటుంటే మధ్యలో రాత గీతలైపోతుంది. తర్వాత చూస్తే సంబంధం లేని మాటలు ఉంటాయి, అవి నేను రాసినట్టే గుర్తుండదు. థైరాయిడ్, ఐరన్, షుగర్ అన్నీ సరిగానే ఉన్నాయి. రెండేళ్ల కిందట డిప్రెషన్ అన్నారు, అప్పటినుంచి ఎసిటలోప్రామ్ వాడుతున్నాను. మనసు తేలికపడింది, నిద్ర మాత్రం అలాగే ఉంది.

పోయిన నెల స్లీప్ ల్యాబ్‌లో రాత్రి పరీక్ష, మర్నాడు పగలు ఎంత త్వరగా నిద్ర పడుతోందో చూసే ఎంఎస్‌ఎల్‌టీ చేశారు. ఐదుసార్లు పడుకోబెట్టారు. నిద్ర పట్టడానికి వరసగా 4, 7, 3, 9, 6 నిమిషాలు పట్టింది. సగటు 5.8. రెమ్ నిద్ర ఒక్కసారే, మూడోసారి పడుకున్నప్పుడు వచ్చిందట. కింద "నార్కోలెప్సీకి ఆధారాలు లేవు" అని రాశారు, అంటే ఆపుకోలేని పగటి నిద్ర తెచ్చే ఆ జబ్బు కాదట. మరి ఇది ఏమిటి? ఎవరికైనా ఇలా జరిగిందా?

కమలిని
బాబూ, నాదీ నీ బాధే. రాత్రి రెండు దాకా నిద్ర పట్టదు, పగలంతా ఒళ్లు ఈడ్చుకుంటూ తిరుగుతాను. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినా కునుకు రాదు. ఫోను పక్క గదిలో పెట్టి పడుకోవడం మొదలుపెట్టాక కొంచెం నయం. నువ్వూ చేసి చూడు.

గోపి_కె
అన్నా, గురక ఉందా? పగటి నిద్ర అంటే నూటికి తొంభైపాళ్లు నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియానే. నార్కోలెప్సీ వాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ దబ్బున పడి నిద్రపోతారు. నువ్వు ఆఫీసుకి వెళ్లి పని చేసుకుంటున్నావంటే అది కాదు. అయినా అనుమానం ఉంటే రక్తంలో హెచ్‌ఎల్‌ఏ జీన్ పరీక్ష చేయించు, తేలిపోతుంది.

రాత్రిడ్యూటీ
స్లీప్ ల్యాబ్‌లో టెక్నాలజిస్టుని. ఇలాంటి రికార్డింగులు స్కోర్ చేయడమే నా పని. డాక్టర్ని కాను కాబట్టి మీకు జబ్బు ఉందో లేదో చెప్పను. ఆ రిపోర్టును ఎంతవరకు నమ్మవచ్చో మాత్రం చెప్పగలను.

ముందు రెండు ప్రశ్నలు. పరీక్షకి ముందు ఎసిటలోప్రామ్ ఆపారా? ఆ రాత్రి ల్యాబ్‌లో మొత్తం ఎంతసేపు నిద్రపోయినట్టు రిపోర్టులో ఉంది?

కమలిని గారూ, మీది వేరే సంగతండీ. మీకు అలసట ఉంది, కానీ పడుకుంటే నిద్ర రావట్లేదు. శ్రవణ్ గారికి చీకటి గదిలో మంచం చూపిస్తే ఆరు నిమిషాల్లో పట్టేస్తోంది. మేం ఇచ్చే ఎప్‌వర్త్ ఫారంలో ఎనిమిది ప్రశ్నలుంటాయి. వాటిలో ఒక్కటి కూడా "అలసటగా ఉందా" అని అడగదు. చదువుతూ, టీవీ చూస్తూ, ఎవరితోనో కూర్చుని మాట్లాడుతూ కునుకు పట్టే అవకాశం ఎంత అని అడుగుతుంది. మొత్తం 24కి పదికి మించితే మేం పట్టించుకుంటాం. మీలాంటి వాళ్లకి చాలాసార్లు నాలుగో ఐదో వస్తుంది, అయినా ఒంట్లో ఓపిక ఉండదు. మీరు చూపించుకోవాల్సింది నిద్రలేమికి.

కమలిని
అవునా! నేను రెండూ ఒకటే అనుకున్నాను. ఆ ప్రశ్నలు వేసుకుంటే నాకు మూడొచ్చింది.

శ్రవణ్_27
ఎసిటలోప్రామ్ ముందురోజు రాత్రి కూడా వేసుకున్నాను. ఆపమని ఎవరూ చెప్పలేదు. వాళ్లిచ్చిన కాగితంలో కాఫీ తాగొద్దని మాత్రమే ఉంది. నిద్ర 5 గంటల 20 నిమిషాలు. తలకి వైర్లు, ముక్కు దగ్గర గొట్టం, పక్క మారితే ఏదో ఊడిపోతుందేమోనని భయం. గురక స్వల్పమే, శ్వాస ఆగడం దాదాపు లేదని రాశారు. ఎప్‌వర్త్ 19.

రాత్రిడ్యూటీ
అదే అనుకున్నాను.

ఎంఎస్‌ఎల్‌టీ రెండు విషయాలు చూస్తుంది. ఒకటి, ఎంత త్వరగా నిద్ర పడుతోందని. రెండు గంటలకోసారి పడుకోబెట్టి 20 నిమిషాలు చూస్తాం, అస్సలు పట్టకపోతే ఆ విడతకి 20 అనే రాస్తాం. సగటు 8 లేదా అంతకన్నా తక్కువైతే నిద్రమత్తు గట్టిగా ఉన్నట్టు. రెండోది, పట్టిన నిద్ర ఎలాంటిదని. మామూలుగా కలల నిద్ర, అంటే రెమ్, రావడానికి గంటకి పైనే పడుతుంది. నార్కోలెప్సీలో మెలకువ నుంచి తిన్నగా దానిలోకి జారిపోతారు. నిద్ర పట్టిన 15 నిమిషాల్లోపు రెమ్ రావడం కనీసం రెండుసార్లు కనబడాలి. ముందురోజు రాత్రి అలా వస్తే అదీ ఒకటిగా లెక్క.

మీ పరీక్షలో ఈ రెండు అంకెలూ చెడ్డాయి, అదీ చెరో వైపుకి. ఎసిటలోప్రామ్ లాంటి మందులు రెమ్‌ను అణిచేస్తాయి. అందుకే సాధారణంగా కనీసం రెండు వారాల ముందు ఆపిస్తారు, ఫ్లూఆక్సిటిన్ అయితే ఇంకా ముందే. మందు ఒంట్లో ఉండగా కూడా మీకు ఒకసారి వచ్చిందంటే నేనైతే దాన్ని తేలిగ్గా తీసుకోను. ఇక రెండో తప్పు: ముందు రాత్రి ఆరు గంటలైనా నిద్ర లేకపోతే మర్నాడు ఎవరికైనా త్వరగా పడుతుంది. కాబట్టి 5.8 అనేది మీ జబ్బు వల్లా, ఆ రాత్రి వైర్ల వల్లా అన్నది విడదీయలేం. ఆ కాగితం "లేదు" అనీ చెప్పట్లేదు, "ఉంది" అనీ చెప్పట్లేదు.

కానీ మందు మీ అంతట మీరు ఆపొద్దు. రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే ఇబ్బందులు వేరే ఉన్నాయి.

గోపి గారు ఆప్నియా గురించి అడగడం సబబే, మొదట చూడాల్సింది అదే. కానీ రాత్రి పరీక్షలో అది లేదని తేలిపోయింది. జీన్ సంగతి మాత్రం అలా కాదు. నార్కోలెప్సీతో పాటు కాటాప్లెక్సీ, అంటే నవ్వు లాంటి ఉద్వేగానికి ఒంట్లో పట్టు సడలిపోవడం, ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఆ జీన్ ఉంటుంది నిజమే, కానీ ఏ జబ్బూ లేని బోలెడుమందికి కూడా ఉంటుంది. అది ఉందని తెలిసినా ఏమీ తేలదు.

మేఘన_ఆర్
శ్రవణ్ గారూ, ఒకటి అడుగుతాను, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. నవ్వినప్పుడు మీకు ఏమైనా అవుతుందా?

నా కథ చెప్తాను. పగటి నిద్ర 16 ఏళ్లకి మొదలైంది. నార్కోలెప్సీ అని తెలిసేసరికి 29. మధ్యలో నాలుగేళ్లు ఫిట్స్ మందు మింగాను. ఎందుకంటే పగలబడి నవ్వితే మోకాళ్లు ముడుచుకుపోయి కింద కూలబడేదాన్ని. స్పృహ పోదు. అందరి మాటలూ వినిపిస్తుంటాయి, నోరు మాత్రం పెగలదు. అర నిమిషంలో మామూలే. చూసినవాళ్లు ఫిట్స్ అన్నారు, ఈఈజీలో ఏమీ లేకపోయినా మందు రాశారు. చివరికి ఒక న్యూరాలజిస్టు "పడిపోయే ముందు ఏం జరుగుతోంది" అని అడిగారు. ప్రతిసారీ నవ్వే అని అప్పుడు నాకే తట్టింది.

గోపి గారూ, నేనూ ఉద్యోగం చేస్తున్నాను. దబ్బున పడి నిద్రపోవడం సినిమాల్లోనే. నాకు కూలబడేటప్పుడు నిద్ర రాదు, నిద్ర వచ్చినప్పుడు కూలబడను. పావుగంట కునుకు తీస్తే గంటన్నర, రెండు గంటలు తేటగా ఉంటాను.

శ్రవణ్_27
పడిపోవడం ఎప్పుడూ లేదు. కానీ మీరు అడిగాక ఆలోచిస్తే ఒకటి ఉంది. నేనే ఏదైనా జోకు చెప్తుంటే, చివరి మాట దగ్గరికి వచ్చేసరికి దవడ వదులైపోయి మాట ముద్దగా వస్తుంది. చేతిలో ఫోను ఒకట్రెండుసార్లు జారిపోయింది. ఫ్రెండ్స్ "వీడి జోకుకి వీడే పడిపోతాడు" అని ఏడిపిస్తారు. డాక్టరు అడగలేదు, నాకూ చెప్పాలనిపించలేదు. ఇది ఈ మధ్య తగ్గిపోయింది కూడా.

మేఘన_ఆర్
ఎప్పటినుంచి తగ్గింది?

శ్రవణ్_27
సుమారు రెండేళ్లు.

ఓ. ఎసిటలోప్రామ్ మొదలైంది అప్పుడే.

మేఘన_ఆర్
నాకు కాటాప్లెక్సీకి ఇచ్చింది కూడా ఆ కుటుంబం మందే. డిప్రెషన్‌కి కాదు. వెంటనే డాక్టరుకి చెప్పండి. మందు తగ్గిస్తే మళ్లీ రావచ్చు, ఒక్కసారిగా ఆపితే ముందుకన్నా ఎక్కువగా రావచ్చు. బండి నడుపుతుంటే ఇది తేలేదాకా మానేయండి.

అనిల్
నేను కొంచెం వేరేలా చెప్తాను. ఎంఎస్‌ఎల్‌టీని మరీ అంత నమ్మకండి. నాకు మొదటిసారి సగటు 6, రెమ్ రెండుసార్లు. కాటాప్లెక్సీ లేని రకం, నార్కోలెప్సీ టైప్ 2 అన్నారు. రెండేళ్లకి వేరే ల్యాబ్‌లో మళ్లీ చేస్తే సగటు 7, రెమ్ అసలు లేదు. ఇప్పుడు ఇడియోపతిక్ హైపర్‌సోమ్నియా, అంటే కారణం తెలియని అతినిద్ర అంటున్నారు. మందులేమీ వాడలేదు, రెండుసార్లూ నిద్ర సరిపోయింది. మారింది నా జబ్బా, వాళ్ల పరీక్షా? మేఘన గారికి కునుకు తీస్తే తేటపడుతుందన్నారు. నేను రెండు గంటలు పడుకుని లేచినా తల దిమ్ముగానే ఉంటుంది.

రాత్రిడ్యూటీ
అనిల్ గారి మాట కాదనలేను. కాటాప్లెక్సీ ఉన్నవాళ్లలో పరీక్ష మళ్లీ చేసినా ఫలితం చాలావరకు నిలబడుతుంది. లేనివాళ్లలో అటూ ఇటూ మారడం మేం తరచూ చూస్తాం. టైప్ 2కీ మీరు చెప్పిన హైపర్‌సోమ్నియాకీ మధ్య గీత నిజంగా ఎక్కడుందో మా దగ్గరి డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు.

శ్రవణ్ గారి దవడ సంగతి నిజంగా కాటాప్లెక్సీ అయితే ఇంకో దారి కూడా ఉంది. మెదడులో మెలకువను నిలిపి ఉంచే హైపోక్రెటిన్ అనే పదార్థం ఉంటుంది, దానికే ఒరెక్సిన్ అని ఇంకో పేరు. టైప్ 1లో దాన్ని తయారుచేసే కణాలు నశించిపోతాయి. వెన్ను నుంచి కొద్దిగా నీరు తీసి దాన్ని కొలుస్తారు. మిల్లీలీటరుకి 110 పికోగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఎంఎస్‌ఎల్‌టీ ఏమన్నా సరే టైప్ 1గా తీసుకుంటారు. ఎసిటలోప్రామ్ ఆపలేని పరిస్థితి ఉంటే ఈ పరీక్ష గురించి డాక్టర్ని అడగండి. అన్ని చోట్లా చేయరు. అంకె మామూలుగా వస్తే మాత్రం టైప్ 2 లేదని అర్థం కాదు.

గోపి_కె
సరే, నేను ఒప్పుకుంటున్నాను. నాకు తెలిసిన ఒకాయనకి ఆప్నియా తేలింది, అందుకే అలా అన్నాను.

శ్రవణ్_27
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. డిప్రెషన్‌కి చూసే డాక్టరు మందు మెల్లగా తగ్గించి పూర్తిగా ఆపించారు. ఆపిన పదో రోజు మా అక్క కూతురు ఏదో అంటే నవ్వి, అలాగే గోడకి జారి కూర్చున్నాను. తల పైకెత్తలేకపోయాను. అక్క వీడియో తీసింది. న్యూరాలజిస్టు అది రెండుసార్లు చూసి, నా రిఫ్లెక్సులు పరీక్షించి, "ఇంతకుముందు ఎందుకు చెప్పలేదు" అన్నారు. పరీక్ష వచ్చే వారం మళ్లీ చేస్తారు. అప్పటిదాకా చేతికి కదలికలు కొలిచే వాచీ, దాంతోపాటు రాయడానికి నిద్ర డైరీ ఇచ్చారు.

రాత్రిడ్యూటీ గారూ, ఒక సందేహం. బస్సులో ఐదు నిమిషాలు తూగితే అదీ డైరీలో రాయాలా? రోజుకి ఏడెనిమిది ఉంటాయి.

రాత్రిడ్యూటీ
రాయండి. టైము సుమారుగా వేసినా చాలు. రాయడం మర్చిపోయి నిద్రపోతే, మర్చిపోయినట్టు రాయండి. ఈసారి రాత్రి పక్క మారడానికి భయపడకండి, వైరు ఊడితే మేమే వచ్చి అంటిస్తాం.