"మొదటే చెప్పాను కదా": ఈ మాటను ఇంగ్లీషులో ఎలా రాయాలి?

మామిడి గుజ్జు యూనిట్, చిత్తూరు: అందరికీ నమస్తే. గుజ్జులో తీపి చూసే బ్రిక్స్ మీటర్ ఒకటి విదేశీ కంపెనీ దగ్గర తెప్పించుకున్నాం. పొద్దున డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నాకి సెట్ చేస్తే, అరగంటకే అదే నీళ్లకి 0.9 చూపిస్తోంది. మెయిల్ పెడితే "డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి సెట్ చేయండి" అని జవాబొచ్చింది. అది చేశామని జూన్ 3న పెట్టిన మొదటి మెయిల్లోనే రాశాను! నా మనసులో ఉన్నది ఇదీ: "మొదటే చెప్పాను కదా, చదవలేదా? తోతాపురి సీజన్ నడుస్తా ఉంది. 14 బ్రిక్స్‌కి తగ్గితే కొనేవాళ్లు తీసుకోరు. మీరిట్లా చేస్తే మేమేం కావాలి?" బాధ పోకూడదు, తిట్టినట్టూ ఉండకూడదు. ఎలా రాయమంటారు?

బెంగళూరులో ఉద్యోగం, ఊరు పలమనేరు: కోపం మొత్తం తీసేయన్నా. "ఇట్ వాజ్ అబ్జర్వ్‌డ్ దట్" అని మొదలుపెట్టి "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని ముగించు. ఆఫీసు ఇంగ్లీషు అంటే అదే.

అనువాదకురాలు, తిరుపతి: తిట్టొద్దన్నది సరైన మాటే తమ్ముడూ. కానీ "అబ్జర్వ్‌డ్" అంటే ఎవరు చూశారు? మీటర్ వాడినవాళ్లా, ల్యాబ్ వాళ్లా? కర్త చెప్పకపోయినా తెలుగు వాక్యం నడుస్తుంది. అక్కడ చదివేవాళ్లకి మాత్రం ఆ "ఎవరు" అన్నదే ముఖ్యం. "నీడ్‌ఫుల్" మన ఆఫీసుల్లో చెల్లుతుంది కానీ బయటివాళ్లకి అదేం పనో తెలియదు. మీటర్ మార్చాలా, రిపేరు చేయాలా, డబ్బు వెనక్కివ్వాలా, అది మొదటి వాక్యంలోనే అడగండి.

ఇక "కదా" సంగతి. మన "చెప్పాను కదా"లో చనువూ ఉంది, నిష్ఠూరమూ ఉంది. "ఐ ఆల్రెడీ టోల్డ్ యూ" అంటే చనువు పోయి గద్దింపు ఒక్కటే మిగులుతుంది. "ఇన్ మై మెయిల్ ఆఫ్ 3 జూన్, ఐ రోట్ దట్" అని తేదీ పెట్టి, ఆ మెయిల్లోని వాక్యాన్నే కింద అతికించండి. చదవలేదన్న సంగతి వాళ్లకే తెలుస్తుంది, మీరు అనక్కర్లేదు. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి. 03/06 అని రాస్తే అమెరికాలో దాన్ని మార్చి 6 అనుకుంటారు.

గృహిణి, శ్రీకాళహస్తి: నాకూ ఇలాగే అయిందండీ. విదేశీ యాప్ బిల్లులో ఒక అంకె అర్థం కాక "ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ బిల్" అని రాశాను. మేము మోసం చేయలేదంటూ పెద్ద జవాబొచ్చింది! నేను అడిగింది సందేహం, వాళ్లకి వినిపించింది అనుమానం.

అనువాదకురాలు, తిరుపతి: అవునమ్మా, అక్కడ "క్వశ్చన్" అనాలి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, మదనపల్లె: అన్నీ బాగున్నాయి గానీ, "మేమేం కావాలి" ఎక్కడికి పోయిందమ్మా? అసలు ఫిర్యాదు అదే. అది తీసేస్తే మిగిలేది యంత్రం రిపోర్టు.

అనువాదకురాలు, తిరుపతి: తీసేయను మాస్టారూ. అది జవాబు కోరని ప్రశ్న. "వాట్ షల్ వీ డూ?" అని రాస్తే మళ్లీ సెట్ చేయమని సలహా పంపుతారు. అందుకే ప్రశ్నలోని భయాన్ని జరగబోయే నష్టంగా చెప్పాలి. మీటర్ 0.9 ఎక్కువ చూపిస్తోందంటే 14.3 అన్నది నిజంగా 13.4 కావచ్చు. ఆ అంకె నమ్మి డబ్బాలు నింపితే సరుకు వెనక్కొస్తుంది. తోతాపురి జూలై దాటితే అయిపోతుంది, కాబట్టి ఆలస్యంగా వచ్చే మీటర్ ఈ ఏడాదికి పనికిరాదు. ఈ మాటలు రాస్తే భయం దానంతట అదే కనిపిస్తుంది.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, మదనపల్లె: కనిపించడం వేరు, వినిపించడం వేరు. చివర ఒక్క వాక్యం మనిషి గొంతుతో ఉండాలంటాను.

మామిడి గుజ్జు యూనిట్, చిత్తూరు: అక్కా, ఇట్లా రాస్తా చూడండి. మొదట, మీటర్ మార్చి ఇవ్వండి, పంపే తేదీ శుక్రవారంలోగా చెప్పండి. తర్వాత, జూన్ 3 మెయిల్లో రాసిన వాక్యం. ఆపైన, మీటర్లో నీళ్లచుక్క వేసే గాజు ప్రిజం తుడిచి, సున్నా చేసి, అరగంట తర్వాత 0.9 వచ్చిన ఫోటో. ఆ తర్వాత 14.3 కథ. చివర మాస్టారు కోసం "వీ ఆర్ ఎ స్మాల్ యూనిట్ అండ్ వీ ఆర్ వర్రీడ్".

బెంగళూరులో ఉద్యోగం, ఊరు పలమనేరు: ఆ చివరి వాక్యం వద్దన్నా. మన బలహీనత వాళ్లకెందుకు?

అనువాదకురాలు, తిరుపతి: నేనైతే ఉంచుతాను. "వర్రీడ్" నిజమే కదా, అందులో ఎవరినీ అన్నదీ లేదు. "స్మాల్ యూనిట్" ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. శుక్రవారం పక్కన తేదీ కూడా వేయండి. పాత ఫిర్యాదు టికెట్ నంబరు సబ్జెక్టులో పెట్టండి, లేకపోతే కొత్త మనిషి చేతిలో పడి మళ్లీ డిస్టిల్డ్ వాటర్ దగ్గర మొదలవుతుంది.