"అమ్మమ్మ కల్లోకి వచ్చింది" అనాలా, "వచ్చినట్టు కలగన్నాను" అనాలా?

సునీత:
అందరికీ నమస్కారం. అమ్మమ్మ సంవత్సరీకానికి ఇంట్లోవాళ్ళం తలా ఒక పేజీ రాసి చిన్న పుస్తకం వేస్తున్నాం. నేను రాసిన దాంట్లో ఒక్క పేరా దగ్గర పేచీ వచ్చింది. పక్షవాతం వచ్చాక చివరి ఏడాదంతా అమ్మమ్మకి మాట లేదు. మమ్మల్ని చూసి కళ్ళలో నీళ్ళు పెట్టుకునేది, అంతే. పోయిన కొన్నాళ్ళకి తెల్లవారుజామున కల్లోకి వచ్చింది. పెరట్లో అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసి, "అక్కడే నిలబడ్డావేంటే, కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతా" అంది. నేను దగ్గరికెళ్తే, చింతపండు అంటిన చేయి తగలకుండా మణికట్టుతో నా తల నిమిరి "చల్లగా ఉండవే" అంది. అదే గొంతు. లేచాక చాలాసేపు ఏడ్చాను, కానీ ఆసుపత్రి మంచం మీద ఉన్న అమ్మమ్మే కళ్ళ ముందు మెదలడం ఆ రోజు నుంచి తగ్గింది.

నేను "అమ్మమ్మ కల్లోకి వచ్చి దీవించింది" అని రాశాను. పుస్తకం దిద్దుతున్న మా పెద్దమ్మ కొడుకు దాన్ని "అమ్మమ్మ వచ్చి దీవించినట్టు కలగన్నాను" అని మార్చాడు. వచ్చింది అంటే నిజంగా వచ్చిందని అర్థం వస్తుందిట, అచ్చులో అది బాగుండదుట. వాడు మార్చిన వాక్యం చదివితే నాకు ప్రాణం ఉసూరుమంది. తప్పు ఎక్కడో చెప్పలేకపోతున్నాను. వ్యాకరణం తెలిసినవాళ్ళు చెప్పండి.

వెంకట్:
మీ అన్నయ్య రాసిందే గ్రాంథికంగా సరైనది సునీత గారూ. కల అనేది సంస్కృతం నుంచి వచ్చిన మాట, దానికి "కను" చేరి "కలగను" అయింది. మన కవులంతా కలగన్నవాళ్ళే. పోతనకి రాముడు కల్లో కనిపించి భాగవతం రాయమన్నాడు, రాయలవారికి ఆంధ్రవిష్ణువు కల్లో కనిపించాడు. కాబట్టి "కలగన్నాను" అనడంలో చిన్నతనం ఏమీ లేదు.

రాఘవయ్య మాస్టారు:
వెంకట్ గారూ, రాయల విషయం మీరు చెప్పింది నిజం, మిగతా రెండూ కొంచెం సర్దాలి. సంస్కృతం మాట స్వప్నం. కల మన మాటే, కన్నడంలో కనసు, తమిళంలో కనవు దాని చుట్టాలే. పోతన సంగతి చాలామంది కల అనే చెబుతారు కానీ, చంద్రగ్రహణం నాడు గంగలో స్నానం చేసి ఇసుకతిన్నె మీద ధ్యానంలో కూర్చున్నప్పుడు "కించిదున్మీలితలోచనుండనై" ఉన్నానని ఆయనే రాసుకున్నాడు. కళ్ళు కాస్త తెరిచే ఉన్నాయి. అది నిద్ర కాదు.

సునీత గారికి దగ్గరగా ఉండేది తిక్కన అనుభవం. విరాటపర్వం మొదట్లో ఆయనకి ముందు కనిపించేది దేవుడు కాదు, చనిపోయిన తండ్రి కొమ్మన. కొడుకు దండం పెడితే ఆ తండ్రి ఏం చేశాడో చూడండి:

తుష్టి దీవించి కరుణార్ద్రదృష్టిఁ జూచి
యెలమి నిట్లని యానతి యిచ్చె నాకు

సంతోషంగా దీవించాడు, దయతో తడిసిన చూపు చూశాడు, ప్రేమగా ఇలా చెప్పాడు. ఈ క్రియలన్నిటికీ కర్త తండ్రే. "దీవించినట్టు", "చూచినట్టు" అని తిక్కన అనలేదు. హరిహరనాథుడు కనిపించేది ఆ తరువాతే. భారతం లాంటి పని తలకెత్తుకోబోతూ, పోయిన తండ్రి దీవెనని పుస్తకం మొదట్లో పెట్టుకున్నాడంటే ఆ కల ఆయనకి ఎంత అండగా నిలిచిందో ఊహించుకోవచ్చు. మీరు రాసిన వాక్యం ఆ ఫక్కీలోనే ఉంది.

నర్సింగ్:
పద్యాలు నాకు తెల్వవు గని మాట సంగతి చెప్త. మాది కరీంనగర్ దిక్కు. మా ఇంట్ల రెండు తీర్లంటం. ఏదన్న పిచ్చి కల అయితే "కల వడ్డది" అంటం. మనిషైతే "బాపమ్మ కలలకొచ్చింది" అంటం. "బాపమ్మ కల వడ్డది" అని ఎవ్వలు అనరు. బాపమ్మ కలలకొచ్చిందని పొద్దుగాల మా అమ్మకు చెప్తే మొదలు అడిగేది ఒక్కటే మాట: "ఏమన్న అడిగిందా?" ఏదన్న అడిగిందంటే పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు అది కూడా పెడ్తది. ఒకసారి వంకాయ కూర అడిగిందన్న, చేసి పెట్టింది. మా అమ్మకు మనసు నిమ్మళమైంది.

సునీత:
మాస్టారూ, తిక్కన పద్యం ఇప్పుడే మా అమ్మకి చదివి వినిపించాను. మరి "కలగన్నాను" ఎందుకు అంత చేదుగా తగిలింది నాకు? అది తప్పు మాట కాదు కదా?

రాఘవయ్య మాస్టారు:
తప్పు కాదు, కానీ ఇవాళ ఆ మాట వేరే పనులకి అలవాటుపడింది. "కలెక్టరు కావాలని కలగన్నాడు" అంటే కోరుకున్నాడని. "నువ్వొస్తావని నేనేమైనా కలగన్నానా?" అంటే నాకెలా తెలుస్తుందని. "కలగంటున్నావా?" అని గద్దిస్తే లేనిది ఊహించుకుంటున్నావని. ఈ మూడు వాడకాల్లోనూ కలని తయారుచేసేది మనిషే. అందుకే "అమ్మమ్మ దీవించినట్టు కలగన్నాను" అంటే ఆ దీవెన మీరే కోరుకుని మీరే అల్లుకున్నట్టు వినిపిస్తుంది. మీకు తగిలింది అదే అనుకుంటాను.

ఇక "-నట్టు" సంగతి. మామూలు మాటల్లో దీనికి ఒక కట్టు ఉంది. పళ్ళు ఊడినట్టు కల వచ్చింది, రైలు తప్పిపోయినట్టు కల వచ్చింది, పరీక్షలో పెన్ను రాయనట్టు కల వచ్చింది అంటాం. జరిగిన సంగతికి "-నట్టు" కావాలి. మనిషి వస్తే మాత్రం "కల్లోకి వచ్చాడు" అంటాం, అక్కడ "-నట్టు" అక్కర్లేదు. ఒకసారి "కల్లో" అన్నాక తరువాతి క్రియలు కూడా మామూలుగానే నడుస్తాయి: వచ్చింది, కూర్చుంది, అన్నం పెడతానంది. ఇది కల అని చెప్పే బాధ్యత ఆ "కల్లో" అన్న మాట ముందే తీసుకుంది. ప్రతి క్రియకీ మళ్ళీ "-నట్టు" తగిలించడం వేసిన తలుపుకి రెండో తాళం వేయడమే.

పద్మజ:
ఒక అభ్యంతరం మాస్టారూ. బతికున్నవాళ్ళు కూడా కల్లోకి వస్తారు. "రాత్రి నువ్వు నా కల్లోకి వచ్చావు" అని స్నేహితురాలితో అంటాం. పాము కల్లోకి వస్తుంది, సినిమా హీరో వస్తాడు. వాళ్ళెవరూ నిజంగా వచ్చారని మనం అనుకోం. అంటే "వచ్చింది" అన్న మాటలో నమ్మకం ఏమీ లేదు, అది పలుకుబడి మాత్రమే. కాబట్టి సునీత గారి అన్నయ్య భయం అనవసరం. నమ్మేవాళ్ళూ అదే మాట అంటారు, నమ్మనివాళ్ళూ అదే అంటారు. నేను నమ్మను, అయినా మా అమ్మమ్మ విషయంలో "కల్లోకి వచ్చింది" అనే అంటాను.

రాఘవయ్య మాస్టారు:
మంచి మాట పద్మజ గారూ. ఆ మాటలో నమ్మకం ఉండి తీరాలని నేనూ అనను. కానీ నర్సింగ్ గారి అమ్మగారు "ఏమన్న అడిగిందా" అన్నప్పుడు అది ఒట్టి పలుకుబడేనా? ఆవిడ వంకాయ కూర చేశారు. మాట ఒకటే అయినా అనే మనిషిని బట్టి బరువు మారుతుంది. దీని మీద మీరూ నేనూ ఒక ఒప్పందానికి రాకపోవచ్చు.

భార్గవి:
నాదొక ప్రశ్న. మా నాయనమ్మ కల్లోకి వస్తోంది కానీ ఏమీ మాట్లాడదు, గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంది, అంతే. ఇది మంచిదేనా, కీడా? పంచాంగంలో స్వప్నఫలాలు చూశాను, దీని గురించి లేదు. తెల్లవారుజాము కల నిజమవుతుందంటారు, నాకు వచ్చేవన్నీ ఆ వేళవే. చాలా టెన్షన్‌గా ఉంది.

పద్మజ:
భార్గవి గారూ, ఇక్కడి చర్చ మాట గురించి, ఫలం గురించి కాదు. అయినా మీ టెన్షన్ చూసి చెప్తున్నాను. నేను ఆసుపత్రిలో నర్సుని. నిద్రలో కళ్ళు గబగబా కదిలే దశ ఒకటి ఉంటుంది, స్పష్టమైన కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. దాదాపు గంటన్నరకోసారి ఆ దశ తిరిగి వస్తుంది, తెల్లవారేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. అది నడుస్తుండగా మెలకువ వస్తే కల గుర్తుండిపోతుంది. అర్ధరాత్రి వచ్చినవి చాలావరకు మరిచిపోతాం. మీవన్నీ ఆ వేళవే కావడానికి కారణం అది, కీడు కాదు.

పోయినవాళ్ళు కల్లో మాట్లాడకుండా నిలబడటం కూడా మామూలే, అలిగినట్టు కాదు. సునీత గారికి వచ్చినట్టు, మంచాన పడ్డ మనిషి ఆరోగ్యంగా, పాత గొంతుతో కనిపించడం ఇంకా ఎక్కువమంది చెబుతారు. చివరి రోజుల రూపం మీద ఆ పాత రూపం వచ్చి నిలుస్తుంది కాబట్టి ఊరట కలుగుతుంది. అయితే అందరికీ ఊరటే ఉండదు. లేచాక, ఆవిడ లేదన్న సంగతి మళ్ళీ కొత్తగా తెలిసినట్టు ఏడిపించే కలలూ ఉంటాయి. అలాంటివి నెలల తరబడి నిద్ర పాడుచేస్తుంటే డాక్టర్‌తో మాట్లాడాలి. మీకు నాయనమ్మని చూస్తే భయం వేస్తుందా, దిగులా?

భార్గవి:
భయం కాదండీ, దిగులే. చివరిసారి ఊరెళ్ళినప్పుడు సెలవు లేక గుమ్మంలోనే పలకరించి వచ్చేశాను.

నర్సింగ్:
గదే గుమ్మం కావచ్చు అక్కా. ఈసారి పెత్రమాసకు ఆమెకు ఇష్టమైంది ఒకటి వండి పెట్టు. మాట్లాడుతదో లేదో గని నీకు నిమ్మళమైతది.

వెంకట్:
కల సంస్కృతం కాదని ఒప్పుకుంటున్నాను మాస్టారూ. తెల్లవారుజాము మాట వచ్చింది కాబట్టి ఒకటి అడగాలి. రాయలవారి కల కూడా ఆ వేళదేనా?

రాఘవయ్య మాస్టారు:
అవును. కళింగ దండయాత్ర మీద వెళ్తూ విజయవాడలో ఆగి, కృష్ణాతీరంలోని శ్రీకాకుళానికి వెళ్ళి ఆంధ్రవిష్ణువుని సేవించి, ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి నాలుగో జామున కల వచ్చిందని ఆముక్తమాల్యదలో చెప్పుకున్నాడు. అంటే రాత్రి చివరి మూడు గంటలు. పద్మజ గారి లెక్కకీ సరిపోతుంది, మన పెద్దల మాటకీ సరిపోతుంది. పొద్దున్నే పండితులని పిలిపించి కల చెప్పి అర్థం అడిగాడు. నర్సింగ్ గారింట్లో అమ్మకి చెబుతారు, ఆయన పండితులకి చెప్పాడు.

సునీత:
అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తం అన్నయ్యకి పంపాను. "-నట్టు" తీసేయడానికి ఒప్పుకున్నాడు, "కలగన్నాను" కూడా తీసేశాడు. "తెల్లవారుజామున అమ్మమ్మ కల్లోకి వచ్చింది. చల్లగా ఉండవే అంది" అని ఖాయం చేశాం. కానీ తిక్కన పద్యం పెడదామంటే మాత్రం ఒప్పుకోవట్లేదు, అమ్మమ్మకి చదువు రాదు కదా, ఆవిడ పుస్తకంలో పద్యం ఎందుకంటాడు. ఆవిడకి గజేంద్రమోక్షం పద్యాలు నోటికి వచ్చని వాడికి తెలీదు. ప్రెస్సుకి గురువారం ఇవ్వాలి, ఈలోపు అమ్మ చేత వాడికి ఫోన్ చేయిస్తాను.