రాయగడ నుంచి వైజాగ్ తీసుకెళ్లాం, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పసిపిల్లల ఐసీయూ, అంటే ఎన్ఐసీయూలో ఉంది: కంపెనీ ఇన్సూరెన్స్ వాళ్లు మెటర్నిటీ లిమిట్ అయిపోయిందంటున్నారు

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. మాది రాయగడ. మా చెల్లెలికి 31వ వారంలో బీపీ బాగా పెరిగిపోయింది. ఇక్కడి డాక్టరమ్మ ఆలస్యం చేయొద్దని వైజాగ్ రాసిచ్చింది. అక్కడ ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, 1,350 గ్రాములు. ఊపిరి అందక సర్ఫాక్టెంట్ మందు ఇచ్చారు, మొదట వెంటిలేటర్, ఇప్పుడు సీప్యాప్ అనే ఊపిరి మిషన్ మీద ఉంది.

బావగారికి కంపెనీ గ్రూప్ పాలసీ ఉంది. ఫ్యామిలీ మొత్తానికి 5 లక్షలు, సిజేరియన్‌కు 75,000. చెల్లెలి బిల్లు 92,000 అయితే 75,000 క్యాష్‌లెస్ వచ్చింది. బిడ్డ బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్‌లో "మెటర్నిటీ లిమిట్ అయిపోయింది, ఇక క్యాష్ కట్టండి" అంటున్నారు. ఇప్పటికే 2 లక్షల 60 వేలు దాటింది. ఇంకో రెండు వారాలు ఉంచాలంటున్నారు, మొత్తం 3 లక్షల 80 వేల దాకా అవుతుందని అంచనా ఇచ్చారు. 5 లక్షల పాలసీ ఉండీ పైసా రాదా? ఎవరికైనా ఇలా జరిగిందా?

జయపురం మాస్టారు:
బాబూ, అనవసరంగా ఆశ పెట్టుకోవద్దు. పుట్టిన పిల్లలకు 90 రోజులు నిండాకే ఇన్సూరెన్స్ మొదలవుతుంది. మా అబ్బాయి పాలసీ కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. డబ్బు సర్దుకునే పని చూడండి.

పర్లాకిమిడి కోడలు:
మాకూ అచ్చం ఇలాగే జరిగింది అన్నా. మా పాప 33 వారాలకు పుట్టింది. మా ఆయన కంపెనీ పాలసీలో బిడ్డ ఖర్చు కూడా మెటర్నిటీ లిమిట్‌లోనే అని రాసి ఉందట. 50,000 నా కాన్పుకే సరిపోయింది, పాపకు ఒక్క రూపాయి రాలేదు. కొన్ని రోజులు ప్రైవేట్‌లో కట్టి, ఆక్సిజన్ తీసేశాక డాక్టర్‌ను అడిగి ప్రభుత్వ ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు ఎస్ఎన్‌సీయూకి మార్చాం. అక్కడ మందులు, టెస్టులకు ఏమీ తీసుకోలేదు. నన్ను రోజూ లోపలికి పిలిచి పాపను గుండెల మీద పడుకోబెట్టించేవారు. కానీ వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డను కదపడం వేరే సంగతి, డాక్టర్ ఒప్పుకోకుండా ఆ ఆలోచన చేయకండి.

టీపీఏ కౌంటర్ పాతకాపు:
శ్రీకాకుళంలో ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని.

మాస్టారూ, మీరు చెప్పిన 90 రోజుల మాట ఉంది. కానీ అది మనం సొంతంగా కొనుక్కునే పాలసీల్లో, మెటర్నిటీ కవర్ లేనివాటిలో ఎక్కువ కనిపిస్తుంది. కంపెనీ గ్రూప్ పాలసీలో చాలాచోట్ల "బేబీ డే వన్" అని పెట్టించుకుంటారు. పుట్టిన రోజు నుంచే బిడ్డకు కవర్ అన్నమాట.

నాగావళి గారూ, మీ కేసు అంతా ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. బిడ్డ ఖర్చు మెటర్నిటీ లిమిట్ లోపలా, ఫ్యామిలీకి ఉన్న 5 లక్షల సమ్ ఇన్ష్యూర్డ్ లోపలా? పర్లాకిమిడి అమ్మాయి వాళ్లది మొదటి రకం. మీది ఏదో ఇంకా తెలియదు, కౌంటర్‌లో కుర్రాడికీ తెలిసి ఉండదు. కొన్ని పాలసీల్లో బిడ్డకు విడిగా ఒక చిన్న లిమిట్ ఉంటుంది, అది మూడో రకం.

మీ లెక్కే వేసి చూద్దాం. మొదటి రకమైతే 75,000 తల్లికే అయిపోయింది. తల్లి బిల్లులో మిగిలిన 17,000, బిడ్డవి 3,80,000 కలిపి 3,97,000 మీ జేబులోంచే. రెండో రకమైతే 5 లక్షల్లో తల్లికి 75,000 పోను 4,25,000 మిగిలాయి. డైపర్లు, పాలపొడి, ఫార్టిఫయర్, రిజిస్ట్రేషన్ లాంటివి ఎవరూ ఇవ్వరు, అవి ఒక 25,000 అనుకోండి. మిగతా 3,55,000 ఆ 4,25,000లో పట్టేస్తుంది. మీ మీద పడేది 17,000, 25,000 కలిపి 42,000. బెడ్ చార్జీకి పరిమితి ఉందో లేదో కూడా చూసుకోండి. ఐసీయూకి రోజుకు సమ్ ఇన్ష్యూర్డ్‌లో 2 శాతం అని రాస్తే మీకు 10,000 అవుతుంది. ఎన్ఐసీయూ బెడ్ రేటు అంతకు మించితే ఆ తేడా మీరే కట్టాలి.

ముందు ఆ అప్రూవల్ లెటర్ తీసి చూడండి. పేషెంట్ పేరు దగ్గర చెల్లెలి పేరు ఉందా, "బేబీ ఆఫ్" అని ఉందా?

నాగావళి గట్టు:
ఇప్పుడే బావ ఫోటో పంపాడు. రెండు లెటర్లలోనూ చెల్లెలి పేరే ఉంది. రెండోది "ఎన్‌హాన్స్‌మెంట్ రిక్వెస్ట్, రిజెక్టెడ్, మెటర్నిటీ సబ్ లిమిట్ ఎగ్జాస్టెడ్" అని ఉంది.

టీపీఏ కౌంటర్ పాతకాపు:
అదీ సంగతి. బిడ్డకు కొత్త క్లెయిమ్ పెట్టకుండా తల్లి క్లెయిమ్‌నే పొడిగించమని అడిగారు. ఆ ఫైలు మెటర్నిటీ కింద తెరిచింది కాబట్టి అందులో ఎంత అడిగినా 75,000 దగ్గర ఆగిపోతుంది. బిడ్డకు క్లెయిమ్ రాదని ఆ లెటర్ అర్థం కాదు. బిడ్డ క్లెయిమ్ ఇంకా ఎవరూ అడగలేదంతే.

పని రెండు చోట్ల ఒకేసారి నడవాలి. బావగారు హెచ్ఆర్‌కి ఈరోజే మెయిల్ పెట్టాలి: బిడ్డ పుట్టిన తేదీ, టైమ్, ఆడపిల్ల అని రాసి, ఆసుపత్రి ఇచ్చిన జనన కాగితం జత చేసి, పాలసీలో చేర్చమని. పేరు పెట్టక్కర్లేదు, బర్త్ సర్టిఫికెట్ కోసం ఆగొద్దు. చేర్చడానికి గడువు చాలా పాలసీల్లో 30 రోజులు, కొన్నిట్లో ఇంకా తక్కువ. బిడ్డ పేరుమీద మెంబర్ ఐడీ వచ్చేదాకా హెచ్ఆర్‌ని వదలొద్దు. మెయిల్‌లోనే "న్యూబార్న్ కవర్ మెటర్నిటీ లిమిట్‌లోనా, సమ్ ఇన్ష్యూర్డ్‌లోనా, పాలసీ పేజీ పంపండి" అని అడగండి.

ఆసుపత్రిలో బిడ్డకు వేరే ఐపీ నంబర్, అంటే అడ్మిషన్ నంబర్ ఉందో లేదో చూడండి. ఎన్ఐసీయూలో చేర్చుకున్నప్పుడు మామూలుగా ఇస్తారు. ఆ నంబర్ మీద క్యాష్‌లెస్‌కు అనుమతి అడిగే కొత్త ప్రీ ఆథరైజేషన్ ఫారం పంపించాలి. జబ్బు దగ్గర "31 వారాల ప్రీటర్మ్, రెస్పిరేటరీ డిస్ట్రెస్, 1,350 గ్రాములు" అని పిల్లల డాక్టర్ రాయాలి. "డెలివరీ" అనే మాట కనబడితే మళ్లీ అదే గుంటలో పడతారు. సర్ఫాక్టెంట్ ఖరీదైన మందు కాబట్టి దాని ఫార్మసీ బిల్లు బ్యాచ్ నంబర్‌తో విడిగా అడుగుతారు, ఆ కాగితం పారేయకండి.

గుణుపూర్ కుర్రోడు:
ఇంత తలనొప్పి దేనికి? ఒడిశాలో ఆయుష్మాన్ గోపబంధు కార్డు ఉంటే కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకు ఇంకో 5 లక్షలు. తల్లి కార్డు చూపిస్తే బిడ్డకు అంతా ఫ్రీ.

టీపీఏ కౌంటర్ పాతకాపు:
తమ్ముడూ, తల్లి కార్డు మీద పసిబిడ్డకు చేస్తారన్నది నిజమే. కానీ ఆ ఆసుపత్రి ఆ పథకంలో ఉండాలి, పైగా అక్కడ ఎన్ఐసీయూ ప్యాకేజీ ఉండాలి. బిడ్డ పరిస్థితిని బట్టి రోజువారీ ప్యాకేజీ ముందే అప్రూవ్ చేయించుకోవాలి. క్యాష్ కట్టేసి తర్వాత కార్డు చూపిస్తే వెనక్కి ఇవ్వరు. వీళ్లు వైజాగ్‌లో ఉన్నారు, కార్డు ఉంటే ఆ ఆసుపత్రి ఆయుష్మాన్ కౌంటర్‌లో ఇప్పుడే అడిగి చూడటంలో తప్పు లేదు.

కొరాపుట్ శ్రీనివాస్:
సార్, మా ఆవిడకి ఇప్పుడు అయిదో నెల. ఇలాంటి మెటర్నిటీ పాలసీ ఇప్పుడు తీసుకోవచ్చా? ఏ కంపెనీ మంచిది?

టీపీఏ కౌంటర్ పాతకాపు:
సొంతంగా కొంటే ఈ కాన్పుకు రాదండి, వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. మీ ఆఫీసు గ్రూప్ పాలసీలో ఉందేమో అడగండి. విడిగా ఇంకో చర్చ పెట్టండి, ఇది వీళ్ల అర్జెంటు.

పర్లాకిమిడి కోడలు:
డబ్బు గొడవలో ఒకటి మర్చిపోకండి అన్నా. నెలలు నిండని పిల్లలకు నాలుగో వారంలో కంటి రెటీనా పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. మా పాపను డిశ్చార్జ్ చేసేటప్పుడు కాగితంలో చిన్న అక్షరాల్లో రాశారు, మా అత్తగారు చదివి పట్టుకోబట్టి సరిపోయింది. రాయగడ వచ్చేశాక మళ్లీ వైజాగ్ వెళ్లాలంటే కష్టం, అక్కడ ఉన్నప్పుడే తేదీ రాయించుకోండి. ఆ ఖర్చు మాకు ఇవ్వలేదు, ఓపీ అన్నారు.

టీపీఏ కౌంటర్ పాతకాపు:
అమ్మా, బిడ్డ పేరుమీద ఎన్ఐసీయూ క్లెయిమ్ పాసైతే డిశ్చార్జ్ తర్వాత 60 రోజులో 90 రోజులో పోస్ట్ హాస్పిటలైజేషన్ ఉంటుంది. ఆ లోపు కంటి పరీక్ష బిల్లును డిశ్చార్జ్ సమ్మరీతో కలిపి పెట్టవచ్చు. కొందరు ఇస్తారు, కొందరు స్క్రీనింగ్ అని కొట్టేస్తారు. మీకు అసలు క్లెయిమే లేదు కాబట్టి అదీ పోయింది.

నాగావళి గట్టు:
అప్‌డేట్. హెచ్ఆర్ మెంబర్ ఐడీ ఇప్పించారు. పిల్లల డాక్టర్ కొత్త ఫారం మీద సంతకం పెట్టారు. పాలసీ పేజీ కూడా వచ్చింది గానీ అందులో "బేబీ డే వన్ కవర్: వర్తిస్తుంది" అని ఒక్క ముక్కే ఉంది. లిమిట్ ఏమిటో ఎక్కడా లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏ వాళ్లు ఫోన్‌లో "మెటర్నిటీ లోపలే అనుకుంటున్నాం" అంటున్నారు. రాతపూర్వకంగా ఇంకా ఏమీ ఇవ్వలేదు.

జయపురం మాస్టారు:
వాళ్లు "అనుకుంటున్నాం" అంటే ఎలా? రాసి ఇవ్వమనండి.

టీపీఏ కౌంటర్ పాతకాపు:
మాస్టారు చెప్పింది నిజం. పాలసీలో మాట స్పష్టంగా లేనప్పుడు పాలసీదారుకు అనుకూలంగానే చదవాలన్నది కోర్టుల్లో నిలిచిన సూత్రం. మెటర్నిటీ పక్కన 75,000 అని రాసి, బేబీ కవర్ పక్కన ఏమీ రాయకపోతే ఆ 75,000 దీనికీ వర్తిస్తుందని ఎక్కడుంది? అదే అడగండి, మెయిల్‌లో. గెలుస్తారని మాటివ్వలేను. ఇలాంటివి రెండు రకాలుగానూ తేలడం చూశాను.

ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ విభాగం 30 రోజుల్లో తేల్చకపోయినా, కాదని రాసినా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఫీజు ఉండదు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఒడిశా వాళ్లకు ఆఫీసు భువనేశ్వర్‌లో ఉంది. గ్రూప్ పాలసీ ఫిర్యాదులు కూడా తీసుకుంటారు. కానీ డిశ్చార్జ్ ఆ లోపే వస్తుంది, అప్పటికి డబ్బు కట్టక తప్పదు. ప్రతి బిల్లూ బిడ్డ ఐపీ నంబర్ మీదే తీసుకుని రీయింబర్స్‌మెంట్‌కు ఉంచండి.

ఇంకొకటి. హెచ్ఆర్‌ని "కార్పొరేట్ బఫర్ ఉందా" అని అడగమనండి. పెద్ద కేసుల కోసం కొన్ని కంపెనీలు పాలసీలో ఉమ్మడిగా కొంత సొమ్ము పెట్టించుకుంటాయి. దాన్ని ఎవరికి వాడాలో కంపెనీయే చెప్పాలి, ఉద్యోగి అడగకపోతే ఆ మాట ఎవరూ ఎత్తరు.

నాగావళి గట్టు:
బఫర్ మాట ఇప్పుడే వింటున్నాను. బావ రేపు పొద్దున ప్లాంట్ హెచ్ఆర్‌ని నేరుగా కలుస్తానన్నాడు. ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను. పాప బరువు ఈరోజు 1,410.