అమ్మకాల లెక్క అందనప్పుడు పేరు జనానికి తెలిసిందని ఎలా తేల్చాలి?

గానుగవాడ (ప్రశ్న): మాది హైదరాబాద్‌లో గానుగ నూనె తయారీ. సరుకంతా డిస్ట్రిబ్యూటర్ల ద్వారా కిరాణా కొట్లకు వెళ్తుంది కనుక, ఏ ప్రకటన చూసి ఎవరు కొన్నారో మాకు తెలియదు. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు మియాపూర్–ఎల్బీనగర్ మార్గంలో మెట్రో పిల్లర్లపై ప్రకటనలు పెట్టాము. సర్వేలో మా పేరు తమంతట తామే చెప్పినవారు 400 మందిలో 24 నుంచి 36కు పెరిగారు. సైటుకు నేరుగా వచ్చేవారు రెట్టింపయ్యారు. గూగుల్‌లో మా పేరు వెతకడం, సోషల్ మీడియాలో ప్రస్తావనలు కూడా పెరిగాయి. పేరు జనంలోకి వెళ్లిందని యాజమాన్యానికి చెప్పవచ్చా?

కూకట్‌పల్లి రవి: నిస్సందేహంగా చెప్పవచ్చు. సర్వేలో ఎవరైనా ఏదైనా చెబుతారు గానీ, పేరు గుర్తుంటేనే కదా చిరునామా టైపు చేసి సైటుకు వస్తారు. ఆ ఒక్క లెక్క చాలు.

అమీర్‌పేట కోచింగ్: మా సంస్థలో ఒక్కో కరపత్రంపై ఒక్కో ఫోన్ నంబరు వేస్తాము, ఏ నంబరుకు ఎన్ని కాల్స్ వచ్చాయో, ఎంతమంది చేరారో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. మీరూ అలా చేయవచ్చు కదండీ.

లెక్కలమనిషి: కోచింగ్ వారి పద్ధతి మంచిదే, కానీ నూనె ప్యాకెట్ కోసం ఎవరూ ఫోన్ చేయరు; అసలు చిక్కు అక్కడే ఉంది. రవి గారి మాటలో సగం నిజముంది. గూగుల్ అనలిటిక్స్‌లో `(direct) / (none)` అని కనిపించేదంతా టైపు చేసి వచ్చినవారి లెక్క కాదు. ఎక్కడి నుంచి వచ్చారో తెలియని ప్రతి రాకా అందులోనే పడుతుంది: వాట్సాప్‌లో పంపిన లింకు, గుర్తు తగిలించని క్యూఆర్ కోడ్, మీ సొంత సిబ్బంది, డిస్ట్రిబ్యూటర్లు. కాబట్టి వారు మొదట ఏ పేజీలో దిగారో చూడండి. హోమ్ పేజీలో దిగిన కొత్తవారు పెరిగితే ఆ లెక్కకు కొంత విలువ ఉంది. పొడవాటి చిరునామా ఉన్న వంటకాల పేజీలోనో, ధరల పట్టికలోనో దిగినవారు పెరిగితే మాత్రం అది ఎవరో పంచుకున్న లింకు పని, ఎందుకంటే అంత చిరునామాను ఎవరూ టైపు చేయరు.

ఇక సర్వే సంగతి. 6 శాతం 9 శాతమైంది గానీ, 400 మంది చొప్పున అడిగినప్పుడు మూడు శాతం తేడా కేవలం యాదృచ్ఛికంగా కూడా వస్తుంది. ఇంత చిన్న తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ప్రతి విడతలో దాదాపు 1,200 మంది కావాలి. అంతకన్నా ముఖ్యంగా, రెండు విడతలూ ఎక్కడ, ఎవరిని అడిగారు?

గానుగవాడ: మొదటి విడత ఫోన్ ద్వారా నగరమంతటా జరిగింది. రెండోది ఏజెన్సీ వారు అమీర్‌పేట మెట్రో స్టేషన్ బయట చేశారు.

లెక్కలమనిషి: అయితే ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టకూడదు. రోజూ ఆ పిల్లర్ల మీదుగానే వెళ్లేవారిని అడిగి, వచ్చిన జవాబును నగరానికంతటికీ అంటగట్టినట్లవుతుంది. మరో విడత మొదటిసారి లాగే ఫోన్‌లో చేయించండి. ముందు ఏ పేరూ ఎత్తకుండా "గానుగ నూనె అంటే మీకు గుర్తొచ్చే పేర్లు చెప్పండి" అని అడిగించి, ఆ తర్వాతే పేర్ల జాబితా చదివించండి. ఆ జాబితాలో అసలు లేని బ్రాండ్ పేరు ఒకటి కలపండి. దాన్నీ తెలుసన్నవారు ఎంతమందో చూస్తే, మీ పేరు తెలుసన్నవారిలో మొహమాటానికి తలూపినవారు ఎంతమంది ఉండవచ్చో అర్థమవుతుంది.

చిక్కడపల్లి శ్రీదేవి: నాకు వేరే సందేహం ఉంది. వంటనూనె పేరును గూగుల్‌లో ఎవరు వెతుకుతారండీ? కొట్టుకు వెళ్లి "ఫలానా నూనె ఉందా?" అని అడుగుతాం, అంతే. పైగా ఆ మూడు నెలలూ దసరా, దీపావళి పిండివంటల కాలం.

లెక్కలమనిషి: పండగల మాట సరైనది. అందుకే, ఏ మాట వెతికినప్పుడు మీ సైటు గూగుల్‌లో కనిపించిందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ పేరుకు నిరుటి ఇవే నెలల లెక్క తీయండి. 16 నెలల సమాచారం ఉంటుంది కనుక దొరుకుతుంది. అయితే అందులో దేశాల వారీ లెక్కే గానీ నగరాల వారీ లెక్క ఉండదు. ఏ మాటను ఎంతగా వెతుకుతున్నారో గీతగా చూపే గూగుల్ ట్రెండ్స్‌లో తెలంగాణకు పరిమితం చేసి, మీ పేరునూ "cold pressed oil" అన్న మాటనూ కలిపి చూడండి. రెండూ ఒకే తీరులో పెరిగితే అది పండగల ప్రభావం. అదే గీతను వేర్వేరు రోజుల్లో తీసినప్పుడు దాని ఆకారం మారిపోతుంటే, మీ పేరు వెతికేవారు మరీ తక్కువని అర్థం. ఆ గీతను పక్కన పెట్టేయండి. ప్రస్తావనల్లో మీ డీలర్లు పెట్టినవి తీసేశాక ఎన్ని మిగులుతాయో చేత్తో లెక్కపెట్టుకోండి.

ఇక నూనె పేరు ఎవరు వెతుకుతారన్న శ్రీదేవి గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. వెతికేవారు కుతూహలం ఉన్న కొద్దిమందే కావచ్చు. వారి సంఖ్య ఎటు కదులుతోందో చెప్పగలను గానీ, పేరు ఎంతమందికి తెలుసో దాన్నుంచి చెప్పలేను.

కూకట్‌పల్లి రవి: హోమ్ పేజీలో దిగినవారే పెరిగారని తేలితే నా మాటే నిలుస్తుంది.

చిక్కడపల్లి శ్రీదేవి: ఆ పిల్లర్ల మీద సైటు చిరునామా ముద్రించారా? ముద్రించి ఉంటే, అది పేరు గుర్తుండి వచ్చినట్టా, చూసి టైపు చేసినట్టా?

గానుగవాడ: ముద్రించాము. నిరుటి లెక్కలూ, దిగిన పేజీలూ తీయిస్తున్నాను. ఫోన్ సర్వేకు 1,200 మంది అంటే యాజమాన్యం ఒప్పుకోవడం కష్టం. మరో ప్రకటనకు పెట్టే డబ్బు దీనికెందుకు అంటారు.