గదిలోకి రాగానే ఫోను తెగిపోతోంది, బూస్టర్ కొనమంటారా?

పృథ్వి, డెంటన్ (టెక్సాస్)

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎమ్మెస్‌కు వచ్చాను. ముగ్గురం కలిసి గ్రౌండ్ ఫ్లోరులో రెండు పడక గదుల అపార్టుమెంటు తీసుకున్నాం. పార్కింగులో ఫోను బాగానే పలుకుతుంది. లోపలికి వచ్చి తలుపు వేయగానే గీతలు పడిపోతాయి. నా గదిలో రెండు నిమిషాలకు మించి మాట నిలవదు. నిన్న పార్ట్ టైమ్ ఉద్యోగం గురించి వచ్చిన కాల్ మూడుసార్లు తెగింది. నాలుగోసారి ఆవిడ చేయలేదు. అదే గదిలో వాట్సాప్‌లో అమ్మతో గంటసేపు మాట్లాడుతున్నాను, అది తెగదు. ఆన్‌లైన్‌లో 40 డాలర్లకు ఒక సిగ్నల్ బూస్టర్ కనిపిస్తోంది. కొనవచ్చా? నాది ఇండియాలో కొన్న ఐఫోను.

కిరణ్, ప్లేనో

తమ్ముడూ, బూస్టర్ జోలికి వెళ్లకు. సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకో, ఒక్క నిమిషం పని. ఇంకో లాభం కూడా ఉంది, కాల్ ఇంటర్నెట్ మీద వెళ్తుంది కాబట్టి ఇండియా నంబర్లకు కూడా ఉచితం.

సత్యనారాయణ, రిచర్డ్‌సన్

కిరణ్ గారు మొదటి మాట సరిగ్గా చెప్పారు, రెండో మాటను మాత్రం నమ్మకండి. వైఫై కాలింగ్‌లో టవర్ బదులు మీ ఇంటి ఇంటర్నెట్ దారి అవుతుంది, అంతే. కాల్ మీ ఆపరేటర్ దగ్గరికే వెళ్తుంది, అక్కడినుంచి ఇండియాకు వెళ్తే అంతర్జాతీయ కాల్‌గానే లెక్క. మీ ప్లానులో ఇండియా కాల్స్ కలిసి ఉంటే సరే, లేకపోతే నిమిషాల చొప్పున బిల్లు వస్తుంది. అమ్మగారికి వాట్సాప్‌లోనే చేయండి.

పృథ్వీ, నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. అదే గదిలో వాట్సాప్ తెగడం లేదంటే అక్కడ వైఫై పనికివచ్చే స్థితిలో ఉన్నట్టే, ఇబ్బంది టవర్ సిగ్నల్‌తోనే. ముందు Settings, Cellular, Wi-Fi Calling లోకి వెళ్లి Wi-Fi Calling on This iPhone ఆన్ చేయి. అత్యవసర చిరునామా అడుగుతుంది. 911కు చేసినప్పుడు వాళ్లు చూసేది అదే కావచ్చు, కాబట్టి అపార్టుమెంటు నంబరుతో సహా ఇవ్వు, ఇల్లు మారితే మార్చు. ఆ మీట అసలు కనిపించకపోతే నీ ఆపరేటర్ ఆ ప్లానుకు ఇవ్వడం లేదేమో కనుక్కోవాలి.

ఆన్ చేశాక ఒక పరీక్ష చెయ్యి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై మాత్రం మళ్లీ ఆన్ చెయ్యి. ఇప్పుడు ఫోనుకు టవర్ కనిపించదు, వైఫై ఒక్కటే దారి. కంట్రోల్ సెంటర్‌లో ఆపరేటర్ పేరు పక్కన Wi-Fi అని రావాలి. ఆ స్థితిలో స్నేహితుడికి పది నిమిషాలు కాల్ చేసి చూడు. నిలిచిందంటే బూస్టర్ అక్కర్లేదు. మాట ముక్కలైతే తప్పు రౌటర్‌దో ఇంటర్నెట్‌దో.

ఇంకొకటి. డయలర్‌లో ఇది నొక్కి కాల్ మీట నొక్కు:

```
*3001#12345#*
```

వచ్చే తెరలో టవర్ సిగ్నల్ బలం చెప్పే RSRP అనే అంకె వెతుకు. పార్కింగులో ఒకసారి, నీ మంచం మీద ఒకసారి చూసి రాయి.

సుజాత, ఇర్వింగ్

మంచి సమయంలో ఈ మాట వచ్చింది. మా అత్తయ్యగారి ఇండియా సిమ్‌కు బ్యాంకు ఓటీపీ రావడం లేదు. వైఫై కాలింగ్ పెడితే వస్తుందా అండి?

సత్యనారాయణ, రిచర్డ్‌సన్

అమ్మా, అది వేరే చిక్కు. ఆ సిమ్‌కు విదేశాల్లో వైఫై కాలింగ్ పనిచేస్తుందా అన్నది అక్కడి ఆపరేటర్ చేతిలో ఉంటుంది, రోమింగ్ ఆన్‌లో ఉందా అన్నది ముందు చూడాలి. వేరే మెయిల్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

మాధవి, ఫ్రిస్కో

బూస్టర్ కొన్న మనిషిని నేనే కాబట్టి చెబుతున్నాను. మాది సొంత ఇల్లు. ఇక్కడ ఎండ వేడి ఇంట్లోకి రాకుండా పైకప్పు కింద అల్యూమినియం పొర వేస్తారు, కిటికీ అద్దాలకు కంటికి కనిపించని లోహపు పూత ఉంటుంది. వేడిని ఆపేది సిగ్నల్‌ని కూడా ఆపుతుంది. మా ఆయన ఆఫీసు గది మేడ మీద, అక్కడ అసలు పలికేది కాదు. కొన్ని వందల డాలర్లు పోసి కొన్నాం. కప్పు మీద ఒక యాంటెన్నా, లోపల ఒకటి, మధ్యలో కేబుల్.

మొదటి వారం దండగ. రెండు యాంటెన్నాలూ దగ్గరగా పెట్టారు. పెళ్లి పందిట్లో మైకు స్పీకరుకు ఎదురుగా పెడితే కీచుమంటుంది చూడండి, ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే చెవికి వినిపించదు. పెట్టె తనంతట తానే బలం తగ్గించుకుని ఎర్ర దీపం వెలిగించింది. బయటి యాంటెన్నాను ఇంటికి ఆ చివరకు జరిపాక ఆఫీసు గది, దాని పక్క గది బాగుపడ్డాయి. వంటింట్లో ఇప్పటికీ అంతంత మాత్రమే.

బయట ఉన్న సిగ్నల్‌నే అది పెంచుతుంది, లేనిదాన్ని పుట్టించదు. 2014 నుంచి ఇక్కడ టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ధ్రువీకరించిన బూస్టర్లే అమ్మాలి, వాడేవాళ్లు ఆపరేటర్ దగ్గర నమోదు చేసుకోవాలి. పెట్టె మీద ఆ సంగతి రాసి ఉంటుంది. 40 డాలర్లదాని మీద ఆ లేబుల్ ఉందో లేదో చూడండి. లేకపోతే టవర్‌నే గందరగోళపరిచి చుట్టుపక్కలవాళ్ల ఫోన్లు చెడగొట్టగలదు. జరిమానా కూడా పడవచ్చు.

పృథ్వి, డెంటన్

సత్యనారాయణ గారూ, మాధవి అక్కా, చాలా థాంక్స్. RSRP పార్కింగులో మైనస్ 95, నా మంచం మీద మైనస్ 119. వైఫై కాలింగ్ ఆన్ చేశాను, చిరునామా ఇచ్చాను. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో హాల్లో ఇరవై నిమిషాలు నిలిచింది. మా గదిలో మాత్రం అవతలివాళ్లకు నా మాట మధ్యమధ్యలో మింగేసినట్టు వినిపించిందట. వాట్సాప్‌లో ఎందుకు రాలేదో తెలియదు.

సత్యనారాయణ, రిచర్డ్‌సన్

24 తేడా అంటే చిన్నది కాదు బాబూ. పదికి పది రెట్లు లెక్కన, లోపల సిగ్నల్ బయటికంటే దాదాపు 250 రెట్లు బలహీనం. ఒక గీత కనిపిస్తున్నంతసేపూ ఫోను తరచూ ఆ టవర్‌నే పట్టుకుని వేలాడుతుంది, అందుకే కాల్ తెగడం. వాట్సాప్ నష్టపోయిన ముక్కలను కాస్త బాగా సర్దుకుంటుంది, పైగా అమ్మతో మాట్లాడేటప్పుడు నీవు హాల్లో ఉన్నావేమో గుర్తు తెచ్చుకో. రౌటర్ ఎక్కడుంది?

పృథ్వి, డెంటన్

హాల్లో బట్టల అల్మరా లోపల, గోడలో ఒక ఇనుప పెట్టె ఉంది. ఇంటర్నెట్ అతను దాన్ని అందులోనే పెట్టి తలుపు మూసి వెళ్లాడు.

సత్యనారాయణ, రిచర్డ్‌సన్

ఇనుప పెట్టెలో రౌటర్! దాన్ని బయటికి తియ్యి. పొడవాటి ఈథర్‌నెట్ కేబుల్ తెచ్చి మీ గది గుమ్మం వైపు, నేల మీద కాకుండా ఎత్తైన అర మీద పెట్టు. మళ్లీ పరీక్ష చెయ్యి.

పృథ్వి, డెంటన్

పది డాలర్ల కేబుల్‌తో పని అయిపోయింది. అర మీద పెట్టాక మంచం మీది నుంచే అరగంట మాట్లాడాను, ఒక్కసారీ తెగలేదు. కానీ ఒక అనుమానం. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే మాట్లాడుతూ పార్కింగులోకి వెళ్తే కాల్ పోయింది.

సత్యనారాయణ, రిచర్డ్‌సన్

పోవాల్సిందే కదా, టవర్ రేడియోను నీవే ఆపేశావు. ఆ మోడ్ తీసేసి నడువు, గుమ్మం దాటాక కాల్ టవర్‌కు మారుతుంది. ఆ మార్పు జరిగే చోట ఒక్కోసారి తెగుతుంది కూడా. ముఖ్యమైన కాల్ అయితే ఆ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే గదిలో కూర్చో, అయ్యాక తీసెయ్యి.

కిరణ్, ప్లేనో

నా పోయిన నెల బిల్లు చూశాను. ఇండియాకు 11 నిమిషాలు ఉన్నాయి. సత్యనారాయణ గారికే ఓటు.

పృథ్వి, డెంటన్

ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేసి చూశాను. మూడుసార్లు నడిచాను, రెండుసార్లు నిలిచింది, మెట్ల దగ్గర ఒకసారి పోయింది. రూమ్మేట్ ఫోను ఆండ్రాయిడ్, అందులో వైఫైకే ప్రాధాన్యం ఇచ్చే ఎంపిక కనిపించింది, నా ఐఫోనులో లేదు. మెట్ల సంగతి ఎవరికైనా తెలిస్తే రాయండి. ఆ ఉద్యోగం ఆవిడకు ఈ రోజు మళ్లీ ఈమెయిల్ పెట్టాను.