అప్‌డేట్: మొదటి స్థానం కర్రీ పాయింట్‌ది, మొదలుపెట్టేది పచ్చళ్లు

నా ప్రశ్న: "బెంగళూరులో ఉద్యోగం మానకుండా కర్రీ పాయింట్, ట్యూషన్, పచ్చళ్లలో ఏది పెట్టాలి?"

బడ్జెట్, నైపుణ్యం, ఖాళీ సమయం, రిస్క్‌లకు ఐదేసి మార్కుల పట్టిక వేశాను. రిస్క్ తక్కువైతేనే ఎక్కువ మార్కు. లేకపోతే కూడిక తలకిందులవుతుంది. కర్రీ పాయింట్‌కు వరుసగా 4, 5, 1, 4 కలిపి 14. పచ్చళ్లకు 3, 3, 4, 3 కలిపి 13. ట్యూషన్ 11 దగ్గరే ఆగిపోయింది.

కానీ ఆ 1 సమయానిది. మారతహళ్లిలో కూరలకు గిరాకీ సాయంత్రమే, నేను ఆఫీసు నుంచి బయటపడేది ఎనిమిదికి. వంటలో చేయి ఎంత తిరిగినా, లేని గంటలను అది తెచ్చిపెట్టదు. మొత్తం మార్కులు మాత్రం ఆ లోటును కప్పేశాయి. అందుకే ఏ గడిలో 1 పడినా ఆ ఆలోచనను పక్కన పెట్టేశాను. సమయం మార్కును రెట్టింపు చేసి చూసినా పచ్చళ్లకే 17, కర్రీ పాయింట్‌కు 15.

ఈ ఆదివారం గోంగూరతో మొదలు.